824ను 4తో భాగిస్తే 26 ఎలా వచ్చింది?

బడి ఈడు పిల్లల చదువు మీద వచ్చే అసర్ సర్వేలో ఒక భాగహారం లెక్క ఉంటుంది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించాలి. 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో అది చేయగలిగినవాళ్లు 30.7 శాతం. ఈ అంకె పట్టుకుని మనం ప్రతిసారీ నిట్టూరుస్తాం. సర్వే పని ఎంతమందికి రాదో చెప్పడం వరకే. ఎక్కడ రాదో చెప్పాల్సింది తరగతి గదిలో దిద్దిన కాగితం. మనం దాని మీద ఎనిమిదికి నాలుగు అని రాసి, రిజిస్టర్‌లో ఎక్కించి, కట్టకట్టి బీరువాలో పెట్టేస్తాం. పైకి పంపే ఫారాల్లోనూ వచ్చినవాళ్లు ఇంతమంది, రానివాళ్లు ఇంతమంది అని రెండే గడులు ఉంటాయి.

కోనసీమలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతికి లెక్కలు చెబుతాను. మొన్న 31 మందికి ఎనిమిది లెక్కల వర్క్‌షీట్ ఇచ్చాను: 96÷4, 95÷7, 824÷4, 658÷7, 592÷8, 927÷3, 845÷8, 4,212÷6. ఇందులో ఇద్దరి కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరికీ ఎనిమిదికి నాలుగే.

పిల్లవాడికి మూడు, ఆరు, ఏడు, ఎనిమిదో లెక్కలు తప్పాయి. 206 రావలసినచోట 26, 309కి 39, 702కి 72. 845÷8కి భాగఫలం 105, శేషం 5 రావాలి. వీడు 15, శేషం 5 అన్నాడు. ఎక్కాల్లో గానీ తీసివేతల్లో గానీ ఒక్క తప్పు లేదు. పోయినవన్నీ మధ్య సున్నాలే.

అమ్మాయికి రెండు, నాలుగు, అయిదు, ఏడో లెక్కలు తప్పాయి. 592÷8లో ఏడెనిమిదులు 54 అని వేసుకుంది. 59లో 54 పోతే 5, రెండు దించితే 52, ఆరెనిమిదులు 48, భాగఫలం 76, శేషం 4. రావలసింది 74. మెట్లన్నీ సరిగ్గా ఉన్నాయి. 845÷8లో శేషం తప్పినా మధ్య సున్నాను ఉండాల్సినచోటే పెట్టింది. ఆ పిల్లకు రానిది భాగహారం కాదు, ఏడో ఎక్కం, ఎనిమిదో ఎక్కం.

ఈ ఇద్దరినీ ‘రానివాళ్లు’ అనే ఒకే గడిలో వేసి, బోర్డు దగ్గర భాగహారం మళ్లీ మొదటినుంచి చెప్పడాన్నే మనం పునర్బోధన అంటున్నాం. అమ్మాయికి వచ్చిందే చెబుతాం. అబ్బాయేమో బోర్డు మీద 96÷4 చూసి, నాకు వచ్చుగా అనుకుంటాడు.

అందుకే కాగితాలను మార్కులను బట్టి కాకుండా, లెక్క మొట్టమొదట ఎక్కడ దారి తప్పిందో చూసి దొంతులు పెడతాను. జవాబును పక్కనపెట్టి పై గీత నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ వస్తే, తప్పిన మెట్టు దగ్గర ఎర్ర చుక్క పడుతుంది. అదే తప్పు కనీసం రెండు లెక్కల్లో కనిపిస్తేనే దొంతిలోకి వెళుతుంది. ఒక్కసారి జారితే పొరపాటు కావచ్చు. రెండు రకాల తప్పులున్న కాగితం మొదటి తప్పు దొంతిలోకి వెళుతుంది, రెండోది మూలన పెన్సిల్‌తో రాసుకుంటాను. మొత్తం పని గంటన్నర. మార్కులు మాత్రమే వేస్తే నలభై నిమిషాల్లో తేలిపోతుంది, నిజమే.

ఈసారి తొమ్మిది కాగితాలు సున్నా దొంతిలో పడ్డాయి, ఏడు ఎక్కాల దొంతిలో. తీసివేతలో అప్పు తెచ్చుకోకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసినవాళ్లు ముగ్గురు. అసలు మొదలుపెట్టలేనివాళ్లు ఇద్దరు, వాళ్లకు వేరే దారి కావాలి. మిగిలిన పదిమందిలో ఎనిమిదిమందికి బాగా వచ్చు, ఇద్దరివి పొరపాట్లు. షీట్‌లో ఏడో లెక్క నా తప్పే. ఎనిమిదో ఎక్కం, మధ్య సున్నా రెండూ ఒకేచోట పెట్టాను. జవాబు తప్పితే దేనివల్ల తప్పిందో విడదీయడం కష్టమైంది.

సున్నా దొంతితోనూ తొందరపడకూడదు. తొమ్మిదిమందీ రాసింది 26 అయినా అందరి కారణమూ ఒకటి కాదు, అది కాగితం మీద కనపడదు. ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి, పైకి చెబుతూ చెయ్యమన్నాను. ఒకడు రెండు దించి ఆగాడు. “రెండులో నాలుగు పోదు కదండీ మాస్టారూ, అందుకే నాలుగు కూడా దించేశానండి” అన్నాడు. మరి పైన ఏమీ రాయలేదేం అంటే, “పోనప్పుడు రాయడానికేముందండి?” అన్నాడు. వాడి దృష్టిలో సున్నా అంటే ఏమీ లేకపోవడం. ఇంకొకడి చేత 824ను వందలు, పదులు, ఒకట్లు అని గళ్లు గీసి చేయించాను. అడగకుండానే పదుల గడిలో సున్నా పెట్టేశాడు. వాడికి విషయం తెలుసు, గళ్లు లేని కాగితం మీద అంకెలు పక్కకు జరిగిపోతున్నాయి. ఇలాంటివాళ్లు నలుగురు. వాళ్లకు గళ్ల కాగితం ఇచ్చి, దించిన ప్రతి అంకెకూ పైన ఒక అంకె ఉండాలని చెబితే చాలు.

మిగతా అయిదుగురికి ఆ మాట చాలదు. పోయినేడు నేను దగ్గరిదారి వెతికి ‘రెండు అంకెలు దించితే సున్నా పెట్టాలి’ అని సూత్రం చెప్పాను. కొందరు 24 దించి, 6 వేసి, అప్పుడు గుర్తొచ్చి సున్నా పెట్టారు. 26 కాస్తా 260 అయి కూర్చుంది.

ఈసారి కొబ్బరి ఈనెలు తెప్పించాను. మా ఊళ్లో వాటికి కరువేముంది. పదేసి ఈనెలకు రబ్బరు బ్యాండు వేసి, అలాంటి పది కట్టలు కలిపి వంద కట్ట చేశాం. లెక్క 412÷4. నాలుగు వంద కట్టలు, ఒక పది కట్ట, రెండు విడి ఈనెలు. నలుగురికి పంచాలి. తలా ఒక వంద కట్ట వెళ్లింది. ఒక్క పది కట్టను నలుగురికి ఎలా ఇవ్వాలి? కాసేపు అటూ ఇటూ చూసి, ఒకమ్మాయి బ్యాండు తీసేసింది. పన్నెండు విడి ఈనెలయ్యాయి, తలా మూడు. నీ చేతిలో ఎన్ని అంటే నూట మూడు అంది. పలక మీద మాత్రం 13 ఉంది. “నీకు పది కట్టలు ఎన్ని వచ్చాయి?” అన్నాను. “ఒక్కటీ రాలేదండి.” ఆ రానిదాన్ని ఎక్కడ రాయాలో నేను చెప్పలేదు. ఒకటికీ మూడుకీ మధ్య చోటు లేక, పలక తుడిచి మళ్లీ రాసుకుంది.

దీనికి తోడు, లెక్క మొదలుపెట్టకముందే ఒక అంచనా వేయించాను. నాలుగు రెండువందలు 800, కాబట్టి 824÷4కి జవాబు 200 పైన కొద్దిగా ఉండాలి. 26 వచ్చినా 260 వచ్చినా అక్కడే దొరికిపోతుంది. (భాజకం × భాగఫలం) + శేషం = విభాజ్యం అనే సరిచూసే సూత్రం అందరికీ కంఠతా వచ్చు, కానీ అది లెక్కంతా అయ్యాక చేసే పని. అప్పటికి పిల్లలు పక్క లెక్కలో ఉంటారు.

ఎక్కాల దొంతి ఏడుగురికి భాగహారం చెప్పలేదు. పక్కన ఏడు, ఎనిమిది ఎక్కాలు రాసుకుని లెక్క చేసుకోనిచ్చాను. ఎక్కం కోసం రోజూ పది నిమిషాలు విడిగా పెట్టాను.

సున్నా దొంతి వాళ్లకు రోజుకు ఇరవై నిమిషాల చొప్పున మూడు రోజులు చెప్పి, నాలుగో రోజు నాలుగు లెక్కలిచ్చాను: 618÷6, 1,216÷4, 852÷4, 750÷5. మూడో దాంట్లో సున్నా రాదు. అక్కర్లేనిచోట సున్నా పెట్టేవాళ్లను పట్టుకోవడానికి వేసింది అది. అక్కడ ఎవరూ తప్పలేదు. మొదటి రెండూ ఎనిమిదిమందికి సరిపోయాయి. కానీ ఆ ఎనిమిదిమందిలో ముగ్గురు 750÷5 దగ్గర 15 అని రాసి ఆగిపోయారు. 25లో 25 పోయి ఏమీ మిగలకపోయేసరికి లెక్క అయిపోయిందనుకున్నారు, ఒకట్ల స్థానంలో ఉన్న సున్నాను దించనే లేదు. నా మొదటి షీట్‌లో చివర సున్నా వచ్చే లెక్క ఒక్కటీ లేదు. బాగా వచ్చని పక్కన పెట్టిన ఆ ఎనిమిదిమందికీ సోమవారం 750÷5 ఇస్తున్నాను.