చిన్న అప్పు ముందా, మూడున్నర రూపాయల వడ్డీ ముందా?

మొన్న ఆదివారం మా బావ అప్పుల లెక్క రాసిన లాంగ్ నోట్‌బుక్ నా ముందు పెట్టాడు. మూడే లైన్లు ఉన్నాయి. అక్క గాజులు పెట్టి తెచ్చిన గోల్డ్ లోన్ 30 వేలు, తెలిసినాయన దగ్గర తీసుకున్న చేబదులు 60 వేలు, క్రెడిట్ కార్డు 1 లక్షా 20 వేలు. ఇంటి ఖర్చులన్నీ పోను నెలకి 15 వేలు అప్పులకి కట్టగలడు. ముందు గాజులు విడిపించేసి, తర్వాత చేబదులు తీర్చి, చివరికి కార్డు సంగతి చూద్దాం అన్నాడు. అంటే తెలియకుండానే స్నోబాల్ పద్ధతి, చిన్న అప్పు నుంచి పెద్దదానికి వెళ్లడం.

నేను ఆ మూడు లైన్ల పక్కన వడ్డీని మన ఊరి భాషలో రాశాను. గోల్డ్ లోన్ రూపాయి వడ్డీ, చేబదులు రెండు రూపాయలు, కార్డు మూడున్నర రూపాయలు. కార్డు స్టేట్‌మెంట్‌లో నెలకి 3.5 శాతం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు గానీ, బయట ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీ అంటే మనం అప్పు వద్దని లేచి వచ్చేస్తాం. పైగా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అది కూడా కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది. నేను కింద వేసిన లెక్కలో జీఎస్టీ కలపలేదు, ఉత్త మూడున్నరే.

ముందు బావ పద్ధతి. ప్రతి నెలా చేబదులుకి వడ్డీ 1,200, కార్డుకి 6 వేలు కట్టి, మిగతా 7,800 గోల్డ్ లోన్‌కి. నాలుగో నెలలో గాజులు ఇంటికొస్తాయి, పన్నెండో నెలలో చేబదులు తీరిపోతుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ ఈలోపు కార్డు ఏమైందో చూడండి. పదకొండు నెలల్లో దానికి 66 వేలు కట్టాడు, బాకీ మాత్రం 1 లక్షా 20 వేల నుంచి 96 వేల దగ్గరికే వచ్చింది, మిగతా 42 వేలు వడ్డీకే పోయాయి. మొత్తం తీరేది పంతొమ్మిదో నెలలో, వడ్డీ మొత్తం 68 వేలు.

ఇప్పుడు తిరగేద్దాం, ఎక్కువ వడ్డీది ముందు. గోల్డ్ లోన్‌కి వడ్డీ 300, చేబదులుకి వడ్డీ 1,200 మాత్రం కడుతూ 13,500 కార్డు మీద పెడితే పదకొండో నెలలో కార్డు సున్నా. తర్వాత చేబదులు పదహారో నెలలో, గాజులు పద్దెనిమిదో నెలలో. చివరి నెల కట్టేది రెండున్నర వేలే. వడ్డీ మొత్తం 47,500. అదే జీతం, అదే 15 వేలు, వరస మార్చినందుకు 20,500 మిగులు.

కానీ ఈ దారిలో నిజమైన కష్టం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. పది నెలల పాటు ఒక్క అప్పు కూడా క్లోజ్ అవ్వదు, అక్క చేతికి గాజులు ఉండవు, చేబదులు ఇచ్చినాయన ఎదురుపడితే ఈయన తల దించుకోవాలి. ఆరో నెలలో విసుగొచ్చి కట్టడం మానేస్తే ఆ 20 వేల లాభం కాగితం మీదే ఉంటుంది. స్నోబాల్‌ని నమ్మేవాళ్లు చెప్పేది ఇదే, అందులో నిజముంది. ఇంకోటి, గోల్డ్ లోన్ గడువు మామూలుగా ఏడాది ఉంటుంది, పద్దెనిమిది నెలలు ఆగాలంటే మధ్యలో రెన్యువల్ చేయించాలి, మర్చిపోతే వేలం నోటీసు వస్తుంది.

అందుకే వరస కంటే ముందు రేటు తగ్గించే దారి వెతకమంటాను. కార్డు బాకీని ఈఎంఐగా మార్చుకునో, పర్సనల్ లోన్ తీసుకుని కట్టేసో ఆ మూడున్నరని రెండు రూపాయలకి దించారనుకోండి, ప్రాసెసింగ్ ఫీజు పక్కన పెడితే, రెండు పద్ధతులూ పదిహేడో నెలలోనే పూర్తవుతాయి, వడ్డీలో తేడా 4,600 మాత్రమే. అప్పుడు గాజులు ముందు తెచ్చుకోండి, నేనేమీ అనను. ఆ ధరకి ఇంట్లో మనశ్శాంతి దొరికితే మంచిదే. మూడున్నర రూపాయల వడ్డీ పెట్టుకుని గాజులు ముందు అంటేనే నాకు బాధ.

ఏ వరసైనా కార్డు వాడకం మాత్రం ఆపేయాలి. పాత బాకీ ఉండగా కొత్తగా గీకితే కార్డుకి మామూలుగా ఉండే వడ్డీ లేని గడువు వర్తించదు, పెట్రోల్ కొట్టించిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నెలకి 13,500 కడుతున్నా బాకీ అనుకున్నంత దిగడం లేదంటే ముందు చూడాల్సింది అదే.

బావ కాసేపు నోట్‌బుక్ వైపు చూసి, కార్డుని ఫోన్‌లోని షాపింగ్ యాప్‌ల నుంచి ఒక్కొక్కటిగా తీసేశాడు. ఈఎంఐ రేటు ఎంతో సోమవారం బ్యాంకుకి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు. గాజుల మాట అక్కే ఎత్తింది, "ఏడాదిన్నర ఆగుతాలే, రెన్యువల్ తేదీ మాత్రం క్యాలెండర్ మీద రాయి" అంది.