వాచ్‌మన్ జీతంలో ఇంపెల్లర్ వాటా

నీళ్ల మోటార్లు చేసే మా చిన్న కంపెనీలో ఇంపెల్లర్, అంటే లోపల తిరుగుతూ నీళ్లను తోసే రెక్కల చక్రం, బయట కొనాలని చారిత్రక నిర్ణయం జరిగింది. ఖర్చుల లెక్కలు రాసే గుమస్తాగా ఆ ఘట్టానికి నేను సాక్షిని.

ఏడాదికి 10,000 ఇంపెల్లర్లు చేస్తాం. నా షీట్ ప్రకారం ఒక్కోదానికి పోత ముక్క 90, పీసు రేటు కూలి 60, కరెంటూ టూల్సూ 30, స్థిర ఖర్చుల వాటా 70. మొత్తం 250 రూపాయలు. బయట 220కే ఇస్తామన్నారు. "పీసుకు 30 అంటే ఏడాదికి 3 లక్షలు మిగులు!" అన్నారు ఓనరుగారి అల్లుడుగారు. మామగారి కళ్లు చెమర్చాయి.

నేను అడ్డుపుల్ల వేశాను. "సార్, ఆ 70లో మనం మానేస్తే నిజంగా ఆగేది బ్యాలన్సింగ్ మెషీన్ అద్దె ఒక్కటే. ఏడాదికి లక్షన్నర, అంటే పీసుకు 15. మిగతా 55 షెడ్డు అద్దె, వాచ్‌మన్ జీతం, మీ కారు డ్రైవరు. ఇంపెల్లర్ మానేశామని వీళ్లెవరూ ఇంటికి పోరు. కాబట్టి పోల్చాల్సింది, 250లో ఆ 70 తీసేస్తే మిగిలే 180కి 15 కలిపి, 195తో. 220కి కొంటే పీసుకు 25 నష్టం, ఏడాదికి రెండున్నర లక్షలు."

"అంటే వాచ్‌మన్ ఇంపెల్లర్లకు కాపలా కాయడం లేదంటావా?" అన్నారు అల్లుడుగారు. దీనికి ఏ ఖర్చుల లెక్కల పుస్తకంలోనూ జవాబు లేదు.

నిజానికి ఆయన మాట నెగ్గే దారి ఒకటుంది. పక్క షెడ్డు వాల్వుల కంపెనీ మా లేత్‌లు ఖాళీ అయితే జాబ్ వర్క్ ఇస్తామని అప్పటికే అడిగింది. దాని ఖర్చులన్నీ పోగా ఏడాదికి 4 లక్షలు చేతికొస్తాయి. ఇంపెల్లర్ ఇక్కడే చేస్తే పోయేది ఆ డబ్బే కాబట్టి, 195కి పీసుకు 40 చొప్పున కలపాలి. అప్పుడు మన ఖర్చు 235. బయట 220కి కొనడమే లాభం, లక్షన్నర మిగులు. ఈ మాట చెబితే, "అది వేరే ఫైలు, కలపకు" అన్నారు. ఆ ఫైలు కదిలేలోపు వాల్వులవాళ్లు వేరే షెడ్డు చూసుకున్నారు.

ఇప్పుడు లేత్‌ల మీద వినాయకచవితి పందిరి గుంజలు, విరిగిన కుర్చీలు విశ్రాంతి తీసుకుంటున్నాయి. ఖాళీ జాగా వృథా కాలేదని మినిట్స్‌లో రాయించారు.

ఇంపెల్లర్ మోసిన ఆ ఐదున్నర లక్షలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎవరో ఒకరు మోయాలి కదా, షాఫ్ట్ నెత్తిన పెట్టమన్నారు. నిన్నటిదాకా 310 పడిన షాఫ్ట్ నా షీట్‌లో రాత్రికి రాత్రే 365 అయింది. బయట 340కే దొరుకుతుందట. అల్లుడుగారు కొటేషన్లు తెప్పిస్తున్నారు.