గల్లాపెట్టె నుంచి ఇంటికి వెళ్లిన డబ్బు ఖర్చు కాదు

చిన్న పట్టణంలో ఒక కిరాణా దుకాణం ఉందనుకుందాం. నెలకు ఆరు లక్షల రూపాయల అమ్మకం. యజమాని లెక్క రాయడం మానలేదు, రోజూ పుస్తకం తీస్తాడు. అయినా నెలాఖరున కూడికలు వేస్తే పది వేల నష్టం తేలుతుంది. పెద్ద సూపర్ మార్కెట్లు వచ్చి తన వ్యాపారం దెబ్బతిన్నదని అనుకుంటాడు. పనిచేసే కుర్రాణ్ని మాన్పించాలా, పప్పుల మీద కిలోకు రెండు రూపాయలు పెంచాలా అని ఆలోచనలో పడతాడు. ఆ రెండూ తప్పుడు వైద్యాలే. ఎందుకంటే ఆ దుకాణానికి నష్టమే రాలేదు.

ఆ పుస్తకాన్ని దగ్గరగా చూద్దాం. కొనుగోలుదారులకు అమ్మిన సరుకును ఆయన కొన్న ధర 5,28,000 రూపాయలు. అంటే అమ్మకం మీద 72,000, నూటికి పన్నెండు చొప్పున మిగిలింది. దుకాణం అద్దె, కుర్రాడి జీతం, కరెంటు, కవర్లు, హమాలీ అన్నీ కలిపి 30,000. మిగిలిన 42,000 ఆ నెల లాభం. ఇక ఇంటి సంగతి. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, చీటీ, మందులు, బీమా ప్రీమియం కింద గల్లాపెట్టె నుంచి 45,000 వెళ్లింది. దుకాణంలోంచే ఇంటికి వెళ్లిన బియ్యం, నూనె, సబ్బులు కొన్న ధరకు మరో 7,000. మొత్తం 52,000. దుకాణం సంపాదించింది 42,000, ఇల్లు తీసుకున్నది 52,000. తేడా పది వేలు నష్టం కాదు. యజమాని తన మూలధనంలోంచి వెనక్కి తీసుకున్న సొమ్ము. లెక్కల పుస్తకాల్లో దీన్నే సొంతవాడకాలు అంటారు.

నష్టం అన్నా, మూలధనం తరగడం అన్నా చివరికి పోయింది పది వేలే కదా అనిపించవచ్చు. కానీ కారణం మారితే చేయవలసిన పని మారిపోతుంది. వ్యాపారం నష్టంలో ఉంటే ధరలు, అద్దె, సరుకు ఎంపిక చూసుకోవాలి. వ్యాపారం బాగుండి వాడకం ఎక్కువైతే ఆ సంభాషణ ఇంట్లో జరగాలి, కుర్రాడి ఉద్యోగంతో దానికి పని లేదు. ఖర్చంటే దుకాణానికి ఆదాయం తెచ్చిపెట్టడానికి అయినది. కుర్రాడి జీతం ఆపితే అమ్మకం తగ్గుతుంది. పిల్లల ఫీజు ఆపితే అమ్మకం తగ్గదు. ఏది ఖర్చు, ఏది వాడకం అని సందేహం వస్తే ఈ ప్రశ్న వేసుకోవడం మేలు.

నగదు కన్నా సరుకు ఎక్కువ మోసం చేస్తుంది. నగదు తీసినప్పుడు పెట్టె తేలికవుతుంది కాబట్టి ఎంతో కొంత గుర్తుంటుంది. అల్మరాలోంచి నూనె ప్యాకెట్టు తీసి సంచిలో వేసుకుంటే ఎవరూ రాయరు. మన దుకాణం విషయంలో ఆ 7,000 రాయకపోతే అది అమ్మిన సరుకు విలువలో కలిసిపోతుంది. అప్పుడు 72,000 కాస్తా 65,000గా కనిపిస్తుంది, పన్నెండు రావలసిన చోట పదకొండు శాతం కూడా రాదు. ధరలు మారలేదు, సరుకు మారలేదు, శాతం మాత్రం పడిపోయింది. అలాంటప్పుడు యజమానికి మొదట వచ్చే అనుమానం కుర్రాడి మీదే. తన ఇంటి వంటగది మీద అనుమానం రాదు! దీనికి మందు పెద్దదేమీ కాదు. ఇంటికి వెళ్లే ప్రతి వస్తువునూ ఒక చిన్న పుస్తకంలో కొన్న ధరకు రాసి, నెలాఖరున ఆ మొత్తాన్ని కొనుగోలు ఖాతాలోంచి తీసి సొంతవాడకాల ఖాతాకు వేయడమే. జీఎస్టీ మామూలు పద్ధతిలో కట్టే దుకాణమైతే మరో పని కూడా ఉంది. కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకం మీద కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకునే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, సొంతానికి వాడుకున్న సరుకు మీద ఉండదని జీఎస్టీ చట్టంలోని 17(5) సెక్షన్ చెబుతుంది. తీసుకుని ఉంటే వెనక్కి వేయాలి.

కొన్న ధరకే ఎందుకు, అమ్మే ధరకు ఎందుకు కాదు? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వెండి, షేర్ల వ్యాపారి సర్ కికాభాయ్ ప్రేమ్‌చంద్ తన వ్యాపారంలోని కొంత వెండినీ, షేర్లనూ తీసి ట్రస్టులకు రాశారు. పుస్తకాల్లో కొన్న ధరే చూపించారు. మార్కెట్ ధర కట్టి, తేడా మీద పన్ను వేయాలని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. 1953లో కోర్టు మెజారిటీ తీర్పు వ్యాపారి పక్షాన వచ్చింది. మనిషి తనతో తానే వ్యాపారం చేసి లాభం గడించలేడన్నది ఆ తీర్పు సారాంశం. జస్టిస్ భగవతి మాత్రం విభేదించారు.

నాకు ఈ తీర్పులో ఆసక్తి కలిగించేది మరొకటి. సొంత వ్యాపారంలో యజమాని, దుకాణం చట్టం దృష్టిలో ఒకే మనిషి. లెక్కల పుస్తకం మాత్రం ఇద్దరినీ వేరుగా చూస్తుంది, యజమాని పెట్టిన మూలధనాన్ని దుకాణం ఆయనకు బాకీ ఉన్నట్లు రాస్తుంది. ‘నా డబ్బు నేను తీసుకుంటే తప్పేమిటి’ అని అడిగే యజమానికి తీసుకునే హక్కు పూర్తిగా ఉంది. లేనిది దాన్ని ఖర్చని రాసే హక్కు. తాను తీసుకున్న ప్రతి రూపాయితో దుకాణం ఆయనకు ఉన్న బాకీ తీరుతోంది, అంతే.

‘పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుంటున్నాను, నా జీతమైనా ఖర్చు కాదా’ అన్నది న్యాయమైన ప్రశ్నే. సొంత వ్యాపారంలో యజమాని తనకు తాను జీతం ఇచ్చుకోలేడు. అతని కష్టానికి ఫలితం ఆ 42,000 లాభంలోనే ఉంది. భాగస్వామ్య సంస్థలో పనిచేసే భాగస్వాములకు ఒప్పంద పత్రం ప్రకారం, చట్టం పెట్టిన పరిమితి వరకు జీతం ఖర్చవుతుంది. కంపెనీలో డైరెక్టరు జీతం కూడా ఖర్చే, ఎందుకంటే కంపెనీ చట్టం దృష్టిలో వేరే వ్యక్తి. అయితే దుకాణం నిజంగా గిట్టుబాటవుతోందా అని తెలుసుకోవడానికి, ఇదే పని మరొకరి దగ్గర చేస్తే ఎంత వచ్చేదో లాభంలోంచి మనసులో తీసి చూసుకోవడం మంచిది. పుస్తకంలో మాత్రం రాయకూడదు.

పన్ను లెక్కలో గీత మరీ స్పష్టం. పూర్తిగా వ్యాపారం కోసమే అయిన ఖర్చును మినహాయిస్తూ, సొంత ఖర్చును పక్కన పెట్టింది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 37(1) సెక్షన్. 2025లో వచ్చిన కొత్త చట్టమూ ఆ గీతను చెరపలేదు. యజమాని కట్టే ఆదాయపు పన్ను సైతం వాడకమే. ఇంటికీ దుకాణానికీ కలిపి వాడే బైకు, ఫోను, ఒకే మీటరున్న కరెంటు బిల్లు అయితే వాడకాన్ని బట్టి పంచుకోవాలి. సరుకు తేవడానికి తిరిగిన కిలోమీటర్లు రాసి ఉంటే పెట్రోలులో ఎంత భాగం దుకాణానిదో చెప్పగలం. రాయకపోతే అధికారి వేసే అంచనాయే మిగులుతుంది.

ఫీజులనూ ఇంటి అద్దెనూ దుకాణం ఖర్చుల్లో కలిపేసేవారు పన్ను తగ్గించుకున్నామని అనుకుంటారు. కానీ అలా కలిపినకొద్దీ సొంతవాడకాల ఖాతాలో మిగిలేది తగ్గిపోతుంది. నెలకు ఐదు వేలు మాత్రమే తీసుకున్నట్లు పుస్తకం చెబుతుంటే, ఇద్దరు పిల్లలు ప్రైవేటు బడిలో చదువుతుంటే, ఇల్లు ఎలా గడిచిందని తనిఖీలో అడుగుతారు. సమాధానం కుదరకపోతే ఇంటి ఖర్చుకు అంచనా వేసి ఆదాయానికి కలుపుతారు. ఖర్చుగా రాసినదాన్ని కొట్టివేయడం ఎలాగూ ఉంది.

మన కిరాణా యజమాని విషయానికొస్తే, ఏడాది మొదట్లో ఎనిమిది లక్షలున్న మూలధనం ఇదే తీరున సాగితే ఏడాది చివరికి 6,80,000 అవుతుంది. పుస్తకం చూడకపోయినా ఇది బయటపడుతుంది. అమ్మకం తగ్గకపోయినా హోల్‌సేల్ వ్యాపారికి బాకీ పెరుగుతుంది, లేదా అల్మరాలు పలచబడతాయి. ఇప్పుడు ఆయన చేయగలిగింది ఒకటుంది. నెలకు ఒక తేదీన, సరుకు విలువతో కలిపి 38,000 మించకుండా, ఇంటి ఖాతాకు ఒకేసారి బదిలీ చేసి, మిగతా రోజుల్లో గల్లాపెట్టె జోలికి వెళ్లకపోవడం. పద్నాలుగు వేలు ఎక్కడ తగ్గించాలో తేల్చుకోవలసింది ఆయనా, ఇంట్లోవాళ్లూ. చీటీ పాట ఎత్తి పాత బాకీ తీర్చడమా, ఇల్లు మారడమా అన్నది వాళ్లిష్టం. కుర్రాణ్ని మాత్రం మాన్పించనక్కరలేదు.