చుక్క పొడిచిన అరగంట

కార్తీక సోమవారం సాయంత్రం శ్రీకాకుళం జనానికి ఆకాశం మీద ఉండే శ్రద్ధ ఇస్రో వాళ్ళకు కూడా ఉండదేమో. ఐదున్నర దాటి పొద్దు వాలిందో లేదో, ప్రతి డాబా మీదా మెడలు పైకి లేస్తాయి. చుక్క కనబడాలి, దీపం వెలగాలి, ఆ వెంటనే విస్తరి పడాలి. మబ్బు పట్టిందంటే మాత్రం టెన్షనే. నవంబరులో బంగాళాఖాతం ఊరికే కూర్చునే రకం కాదు. వాయుగుండం పట్టిన సోమవారం మా వీధి మావయ్య ఇచ్ఛాపురంలో ఉన్న వియ్యంకుడికి ఫోన్ చేస్తాడు. "బావగారూ, మీ వేపు చుక్క పొడిచిందేటి?" అక్కడ పొడిస్తే చాలు, ఇక్కడ గారెలు వడ్డించేస్తారు.

ఇంత దీక్షాపరుణ్ణి విమర్శించడం మహాపాపం. కాబట్టి ఈ వ్యాసంలో ఆయన్ని సమర్థించడానికే ప్రయత్నిస్తాను.

కార్తీక సోమవారానికి పెద్దలు ఆరు దారులు చెప్పారు. ఓపికున్నవాళ్ళకు రోజంతా ఉపవాసం. అంత లేనివాళ్ళకు పగలు ఒక్కపూట తినే ఏకభుక్తం, లేదా చుక్కలు చూశాక తినే నక్తం. ఎవరైనా అడక్కుండా పిలిచి పెడితేనే తినడం అయాచితం. ఇవేవీ కుదరకపోతే స్నానం, తిలదానం. మనుషులందరి ఒళ్ళూ ఒక్కలా ఉండదని ఆ పెద్దలకు తెలుసు. అయితే మా మావయ్య వాళ్ళ కంటే పెద్ద. ఆయన ఏడో దారి కనిపెట్టాడు. దాని పేరు అన్నం ముట్టకపోవడం.

ఆయన రోజు ఇలా నడుస్తుంది. తెల్లవారుజామున నాగావళిలో స్నానం, రెండు కాఫీలు. తొమ్మిదింటికి జీడిపప్పు వేసి, నెయ్యి ఓడేలా చేసిన సగ్గుబియ్యం ఉప్మా. సగ్గుబియ్యమంటే కర్రపెండలం పిండి. పీచు ఉండదు, మాంసకృత్తులు దాదాపు సున్నా. రక్తంలో చక్కెరని గబుక్కున పైకి లేపి, అంతే గబుక్కున ఆకలి వేయిస్తుంది. అందుకే పదకొండింటికి అరటిపళ్ళు, ఒంటిగంటకు పూరీలు, బంగాళాదుంప కూర. ఉల్లిపాయ వెయ్యరు, నియమం నియమమే. నాలుగింటికి అరటికాయ బజ్జీలు. ఇలా పొద్దుటి నుంచీ పస్తున్న మనిషి చుక్క పొడవగానే నీరసంతో విస్తరి ముందు కూలబడతాడు.

అత్తయ్యది ఇంకో పార్టీ. ఆవిడ నిజంగానే తినదు, మంచినీళ్ళు కూడా ముట్టదు. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి మావయ్య ఉపవాసానికి కావలసినవన్నీ వండి, సాయంత్రం పులిహోర, గారెలు, బూరెలు, పరమాన్నం చేసి, ఉమారుద్ర కోటేశ్వరుడి గుడికి వెళ్ళి దీపం పెట్టి వస్తుంది. అప్పటికి తలనొప్పి మొదలై ఉంటుంది. సగం నీళ్ళు తాగనందుకు, సగం రోజూ తాగే కాఫీ మానేసినందుకు. అలా వచ్చి ఆవిడ కూడా మొట్టమొదట పట్టుకునేది గారెనే.

పగలంతా ఎవరి దారి వారిదే అయినా, ప్రమాదం మాత్రం ఇద్దరికీ ఒకే అరగంటలో వస్తుంది.

కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగ్గా అందడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ కబురు దారిలో ఉండగానే మావయ్య ఎనిమిది గారెలు, నాలుగు బూరెలు ముగించి పులిహోర కలిపించుకుంటాడు. నూనె, నెయ్యి ఉన్న తిండి కడుపులోంచి అన్నిటికంటే ఆలస్యంగా కిందికి దిగుతుంది. ఎనిమిదింటికి, "పొద్దున్నుంచీ ఉపవాసం కదా" అని ఆయన మంచం ఎక్కుతాడు. నిండుగా సాగిన కడుపు, పైన అన్నవాహిక చివర మూత వదులు, మనిషి అడ్డంగా పడుకుని ఉన్నాడు. ఇక ఆమ్లం పైకి తన్నక ఏం చేస్తుంది? పదకొండింటికి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. అత్తయ్య జీలకర్ర నీళ్ళు కాస్తుంది. ఆయన మాత్రం, "ఉపవాసం పడటం లేదే నాకు" అని నిట్టూరుస్తాడు. నేరం పొద్దుటి ఆకలి మీదికి పోతుంది, గారెలు నిర్దోషిగా విడుదలవుతాయి. (ఆ మంట ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా జీలకర్రతో కాలక్షేపం చెయ్యకూడదు. అది గుండె వ్యవహారం, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.)

గాంధీ గారు 1948 జనవరి 13న ఢిల్లీలో మొదలుపెట్టిన నిరాహార దీక్షను 18న విరమించింది గ్లాసుడు బత్తాయి రసంతో. అన్ని రోజులు పస్తున్న మనిషికి అది సరిపోయింది. పగలు నాలుగుసార్లు తిన్న మావయ్యకు సరిపోదని మా వీధి ఏకగ్రీవ అభిప్రాయం.

నా మాట ఎవరైనా వింటారన్న ఆశ లేకపోయినా చెబుతాను. మన జిల్లాలో దీనికి మందు చోడి అంబలి. రెండు చెంచాల చోడిపిండిని అర గ్లాసు చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, మరుగుతున్న రెండు గ్లాసుల నీళ్ళలో పోసి, సన్నటి సెగ మీద పది నిమిషాలు తిప్పుతూ ఉడికించాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు వెయ్యాలి. చుక్క చూశాక మొదట గ్లాసు మంచినీళ్ళు, గటగటా కాకుండా కొంచెం కొంచెంగా. తరువాత ఈ అంబలి ఒక గ్లాసు. నీళ్ళు, ఉప్పు, కాస్త పిండి, అన్నీ ఒకేసారి ఒంట్లోకి చేరతాయి. ఆపైన ఇరవై నిమిషాలు విస్తరి వైపు చూడకుండా దీపాల దగ్గర కూర్చోవాలి. అప్పుడు మెత్తటి అన్నం, పెసరపప్పు, ఒక కూర. గారె కావాలంటే రెండు, అవీ చివర్లో. తిన్నాక పడకకి రెండు మూడు గంటలు ఆగాలి.

ఇదంతా ఒంట్లో ఏ రోగమూ లేనివాళ్ళకి. అత్తయ్యకు షుగరుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో వాడేవాళ్ళు పొద్దున్నే మందు వేసుకుని పస్తుంటే చక్కెర పడిపోతుంది. మధ్యాహ్నం చేతులు వణికి, చెమటలు పట్టి, మాట తడబడితే ఇంట్లోవాళ్ళు "భక్తి ఆవేశం" అనుకోకుండా చక్కెర చూడాలి. 70 కంటే తగ్గితే ఆ ఉపవాసం అక్కడితో సరి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మందు ఎప్పుడు, ఎంత వేసుకోవాలన్నది కార్తీకం రాక ముందే డాక్టరుతో తేల్చుకోవలసిన సంగతి.

ఉద్దానం వైపు చుట్టాలున్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కవిటి, సోంపేట కొబ్బరితోటల మధ్య ఉపవాసమంటే కొబ్బరినీళ్ళే. కానీ కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళ ఒంట్లోంచి పొటాషియం సరిగా బయటికి పోదు. కొబ్బరినీళ్ళలో, అరటిపండులో అది దండిగా ఉంటుంది, ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. అలాగని నీళ్ళు మానేసి పస్తున్నా ఆ కిడ్నీకి దెబ్బే. అలాంటివాళ్ళ కోసమే కదా పెద్దలు ఆరో దారిగా తిలదానం పెట్టింది.

ఈ అంబలి పథకాన్ని మొన్న సోమవారం మావయ్య ముందు పెట్టాను. శ్రద్ధగా విన్నాడు, గడ్డం నిమిరాడు, ఒప్పుకున్నాడు కూడా. ఒక్క సవరణ మాత్రం అడిగాడు. "ఆ అంబలేదో చుక్క పొడవక ముందే తాగేస్తానురా బాబూ. ఇరవై నిమిషాలూ అక్కడే అయిపోతే, చుక్క రాగానే సూటిగా గారెల్లోకి దిగిపోవచ్చు కదా!"