గోరంత అడిగితే...

అవమానం ఇంకా పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను. యాభై దాటాయి కదా అని డాక్టరు ఫిట్ అనే పరీక్ష రాశారు. మలంలో కంటికి కనబడని రక్తం ఉందేమో చూసే పరీక్ష అది. ల్యాబ్ కౌంటరులోని కుర్రవాడు వేలెడంత సీసా ఒకటి, చీమతలల్లాంటి అక్షరాలున్న కాగితం ఒకటి నా చేతిలో పెట్టి, "అంతా అందులోనే ఉంది, చదువుకోండి" అన్నాడు. తల కూడా ఎత్తలేదు.

ఒక స్నేహితుడి మాట విని మూడు రోజులు మాంసం మానేశాను. అది పాత తరహా పరీక్షకు పెట్టే పథ్యమట. ఈ పరీక్ష మనిషి రక్తంలోని ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి మనం ఏ జంతువును తిన్నా దానికి పట్టదు. నా మూడు రోజుల ఉపవాసం ఎవరి ఖాతాలోకి పోయిందో తెలియదు.

ఇక అసలు ఘట్టం. "మలం నీటిని తాకరాదు" అని కాగితంలో ఉంది. తాకితే పైన అంటుకున్న రక్తం కడుక్కుపోవచ్చు. బాగానే ఉంది. మరి మధ్యదారిలో దాన్ని పట్టుకునేది ఎలా? కమోడు మీద ఆనాటి దినపత్రిక పరిచి, అంచులు టేపుతో అంటించి, నడుమ ఉయ్యాలలా కొంచెం వదులు ఉంచాను. చూసుకుని మురిసిపోయాను కూడా. కూర్చున్నాక గుర్తొచ్చింది, టేపు చల్లని పింగాణీకి, అందులోనూ తడి పింగాణీకి, అంటుకోదని. ఎడమ అంచు మెల్లగా లేవడం మొదలుపెట్టింది. ఒక చేత్తో దాన్ని అదిమిపట్టాను. కుడి అంచు లేచింది. రెండో చేత్తో దాన్ని పట్టాను. సీసా ఎక్కడ పెట్టానో వెతుక్కోవడానికి మూడో చేయి లేదు. సరిగ్గా ఆ క్షణాన తలుపవతల మా ఆవిడ గొంతు: "ఏమండీ, ఈ రోజు పేపరు ఏదండీ? గళ్లనుడికట్టు పూర్తి చేయాలి." నేను జవాబు కోసం తడుముకుంటుండగానే వార్తలతో సహా అంతా నీటిలోకి దిగిపోయింది. గళ్లనుడికట్టు కూడా.

ఆ రోజుకు కడుపులో ఇంకేమీ మిగలలేదు. మర్నాడు పొడిగా ఉన్న పాత ప్లాస్టిక్ డబ్బాతో పని సులువుగా అయిపోయింది. ముందురోజే ఆ డబ్బా ఎందుకు తట్టలేదో అడగకండి.

సీసా మూత తిప్పితే దానితోపాటే పుల్ల వస్తుంది. పుల్ల చివర సన్నని గాట్లుంటాయి. మలం పైభాగాన నాలుగైదు చోట్ల గీకి, ఆ గాట్లు నిండగానే ఆపాలి. కావలసింది 10 మిల్లీగ్రాములు, అంటే బియ్యపు గింజలో సగమైనా ఉండదు. కానీ తక్కువైతే మళ్లీ రమ్మంటారేమోనని భయపడి పుల్ల మొత్తానికీ దట్టంగా పూత పూసి, లోపలికి నొక్కి మూత బిగించాను. నిండుకుండ తొణకదంటారు గానీ, నాది తొణికింది.

కౌంటరు కుర్రవాడు సీసాను లైటు వెలుగులో పైకెత్తి, వరుసలో ఉన్న పదిమందికీ వినబడేలా, "సార్, గోరంత చాలు. ఇంత వేస్తే లెక్క తప్పుతుంది. తేదీ కూడా రాయలేదు" అన్నాడు. ఎక్కువ రోజులు గడిచినా, ఎండలో ఉన్నా అందులోని రక్తం విరిగిపోయి లేనట్టు వస్తుందట, అందుకే తేదీ. ఇదంతా మొదటి రోజే చెప్పడానికి ఆయనకు నోరెందుకు రాలేదో!

మరో సీసా, మరో ఉదయం, ఈసారి సరిగ్గా గాట్ల వరకే. ఫలితం వచ్చింది: గ్రాము మలానికి 14 మైక్రోగ్రాముల రక్తపు ప్రొటీన్. సున్నా కాదు కదా అని గుండె జారింది. పక్కనే చిన్నగా "హద్దు: 20" అని ఉంది. డాక్టరు నవ్వి, "హద్దు లోపలే కాబట్టి నెగటివ్. ఇదే 14 హద్దు 10 పెట్టుకున్న చోటయితే పాజిటివ్ అయ్యేది" అన్నారు. పాజిటివ్ వస్తే పరీక్ష మళ్లీ చేయించుకుని బాగా వచ్చిందాన్ని నమ్మడం కుదరదట, పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీయే మార్గం. మొలల వల్ల కూడా రక్తం రావచ్చు గానీ, అవేనని మనమే తీర్పు ఇచ్చేసుకోకూడదు. నెగటివ్ అయినా పూర్తి హామీ కాదు, పేగులో గడ్డ ఉన్నా రోజూ రక్తం కారదు. అందుకే కొంతకాలానికి మళ్లీ చేయించుకోవాలి, ఈలోగా రక్తం కనబడితే ఆగకుండా రావాలి అన్నారు.

బయటికి వస్తుంటే ఆ కుర్రవాడు ఒక పెద్దాయన చేతిలో సీసా పెడుతూ, "అంతా అందులోనే ఉంది, చదువుకోండి" అంటున్నాడు. నేను ఆగి, "పేపరు వద్దండీ, పొడి డబ్బా వాడండి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, సీసా జేబులో దాచుకుని, గబగబా వెళ్లిపోయారు.