కుందేలు పిల్ల తరఫున ఒక విన్నపం

పిల్లల కథల్లో పనిచేసే కుందేళ్లు, కాకులు, రాకుమారులు, అమ్మమ్మలు ఎంతో కాలంగా నోరు మెదపకుండా భరిస్తున్న ఒక కష్టాన్ని పెద్దల దృష్టికి తీసుకురావడం నా కర్తవ్యమని భావిస్తున్నాను. ఈ మధ్య ఒక కథ నా చేతికి వచ్చింది. మొత్తం 700 మాటలు కూడా ఉండవు. ఒక కుందేలు పిల్ల ఎర్ర గొడుగును పోగొట్టుకుంటుంది, వెతుకుతుంది, చివరికి అది దొరుకుతుంది. ఇంత చిన్న పనికి ఆ పసిప్రాణి 11 సార్లు నవ్వవలసి వచ్చింది, 7 సార్లు ఏడవవలసి వచ్చింది. అంతటితో ఆగితే నేను కలం పట్టేవాడిని కాను. ఒకసారి నవ్విన నవ్వు మళ్లీ నవ్వకూడదని, ఒకసారి ఏడ్చిన ఏడుపు మళ్లీ ఏడవకూడదని రచయిత షరతు పెట్టినట్టు కనిపిస్తోంది.

నాట్యశాస్త్రం చెప్పిన భరతముని నవ్వులను ఆరింటితో సరిపెట్టాడు. స్మితం, హసితం ఉత్తములకు, విహసితం, ఉపహసితం మధ్యములకు, అపహసితం, అతిహసితం అధములకు అని తలా రెండు పంచి ఇచ్చాడు. స్మితంలో పళ్లు కనిపించకూడదని, అతిహసితంలో కళ్ల నీళ్లు వచ్చి చేతులతో డొక్కలు పట్టుకోవాలని స్పష్టంగా నిర్దేశించాడు. రంగస్థలం మొత్తానికి ఆరు నవ్వులు చాలినప్పుడు, ఒక్క కుందేలుకు పదకొండు ఎందుకు కావలసివచ్చాయో ఆలోచించవలసిన విషయం. రచయిత సదుద్దేశాన్ని మాత్రం నేను శంకించడం లేదు. ‘నవ్వింది’ అని రెండుసార్లు రాస్తే శైలి పేదగా ఉంటుందని ఎవరో ఆయనకు చెప్పి ఉంటారు. ఆయన ఆ మాట నమ్మి నిఘంటువును ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు.

కథలో మొదటి నవ్వే ప్రమాదకరమైనది. అమ్మ గొడుగు చేతికివ్వగానే కుందేలు పిల్ల ‘ముసిముసిగా పకపకా నవ్వింది’. ముసిముసి నవ్వుకు పెదవులు కలిసి ఉండాలి, చప్పుడు రాకూడదు, లోపల ఏదో దాచుకున్నట్టు ఉండాలి. పకపక నవ్వాలంటే నోరు తెరవక తప్పదు. న్యాయంగా ఉండాలన్న ఉద్దేశంతో నేను అద్దం ముందు నిలబడి ఈ రెండింటినీ ఒకేసారి చేయడానికి మనస్ఫూర్తిగా ప్రయత్నించాను. ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. అది నవ్వు అని ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

రెండో పేజీలో కొమ్మ మీద ఒంటరిగా కూర్చున్న కాకి, కుందేలు అవస్థ చూసి ‘గొల్లున నవ్వింది’. నేను ఈ కథను ఆరేళ్ల శ్రోత ఒకరికి చదివి వినిపిస్తున్నాను. ఆ శ్రోత వెంటనే బొమ్మ మీదికి వంగి, “మిగతా కాకులు ఏవి?” అని అడిగింది. వ్యాకరణం ఇంకా చదవని ఆ అమ్మాయికి తెలిసిన సంగతి రచయితకు తోచలేదు. గొల్లుమనడానికి జనం కావాలి. తరగతి గది గొల్లుమంటుంది, సభ గొల్లుమంటుంది, చావుకబురు విన్న ఇల్లు కూడా గొల్లుమంటుంది. నవ్వుకైనా ఏడుపుకైనా ఆ మాటకు గుంపే ఆధారం. ఒక్క కాకికి ఆ పని అప్పగించడం దాని శక్తికి మించిన బరువును మోయించడమే.

ఇక్కడ మన భాష నడిచే తీరును కొంచెం వివరించాలి. నవ్వే తీరుకొక క్రియ, ఏడ్చే తీరుకొక క్రియ చొప్పున పోగుచేసుకునే అలవాటు తెలుగుకు తక్కువ. ‘నవ్వు’, ‘ఏడ్చు’ అనే రెండు క్రియలను నిలిపి, వాటి ముందు చప్పుడును పెట్టడం మన పద్ధతి. ఆ చప్పుడు రూపాన్ని బట్టి నవ్వు ఎంతసేపో తేలుతుంది. ‘పక్కున’ అంటే బిగబట్టుకున్న నవ్వు ఒక్కసారిగా బయటపడడం. అది ఆ ఒక్క క్షణంతో సరి. ‘పకపక’ అంటే అదే చప్పుడు జంటగా వచ్చి కొనసాగడం. ‘కిసుక్కున’ అన్నప్పుడు నవ్వును ఆపుకోబోయి ఒక ముక్క జారిపోయింది. ‘కిసకిస’ అన్నప్పుడు ఇక ఆపుకునే ఉద్దేశం లేదు. ఒంటి మాటకు క్షణం, జంట మాటకు వరస అన్న ఈ లెక్క పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు, చెవితోనే పట్టుకుంటారు. మన రచయిత మాత్రం కుందేలు పిల్ల ‘చాలాసేపు పక్కున నవ్వుతూనే ఉంది’ అని రాశారు. తలుపు చాలాసేపు ధడాలున మూసుకుంటూనే ఉంది అన్నట్టుంది.

నవ్వులో ఊపిరి సంగతి కూడా ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రోవైన్ నవ్వులను రికార్డు చేసి కొలిచాడు. నవ్వంటే బయటికి పోయే ఊపిరి చిన్న చిన్న ముక్కలుగా తెగడం. ఒక్కో ముక్క సెకనులో సుమారు 15వ వంతు ఉంటుంది, సెకనుకు దాదాపు 5 ముక్కలు వస్తాయి. మాట్లాడే మనిషి నవ్వు సాధారణంగా వాక్యం చివరో, మాటల మధ్య విరామంలోనో వస్తుందే తప్ప మాటను మధ్యలో నరకడం అరుదని కూడా ఆయన గమనించాడు. అంటే “దొరికిందోచ్!” అని చెప్పిన తరువాత పకపక నవ్వడం కుందేలుకు సాధ్యమే. ఆ ఒక్క చోట రచయితకు నా అభినందనలు.

ఏడుపు దగ్గర ఆ దయ కూడా చూపలేదు. “అమ్మా, నేను వాగు దాటుతుండగా పెద్ద గాలి వచ్చి నా ఎర్ర గొడుగును అవతలి గట్టుకు ఎత్తుకుపోయింది, ఇప్పుడు నేను ఏం చేయాలో నాకు తోచడం లేదు” అని కుందేలు పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. వెక్కడమంటే ఊపిరి లోపలికి పోతూ పోతూ మధ్యలో తగులుకోవడం. అలా రెండు మాటలకొకసారి తగులుకుంటున్న ఊపిరితో ఇరవై మాటలను, అందులోనూ వాగునూ గట్టునూ వరసలో పెట్టి చెప్పగలిగిన కుందేలు, ఏ న్యాయస్థానంలోనైనా సాక్ష్యం చెప్పడానికి అర్హురాలు. నిజానికి తప్పు కుందేలుది కాదు, మన ‘అని’ది. ఎంత పొడవైన మాటనైనా ఎంత పెద్ద ఏడుపుకైనా తగిలించి ఊరుకునే సౌకర్యం ఆ రెండక్షరాలు ఇస్తాయి, రాసేవాడికి ఊపిరి సంగతి గుర్తుకురాకుండా చేస్తాయి.

పైగా ఆ వెక్కిళ్లు రావలసిన చోట రాలేదు. పిల్లల ఏడుపుకు ఒక క్రమం ఉంది. ముందు కింది పెదవి ముందుకు వస్తుంది, కళ్లలో నీళ్లు నిండుతాయి. అప్పుడు ఎవరైనా “ఏమైంది?” అని అడిగితే బావురుమంటారు. అడిగేవాళ్లు లేకపోతే చాలా ఏడుపులు అక్కడే వెనక్కి పోతాయి. భోరుమని ఏడ్చి ఏడ్చి అలిసిన తరువాత గానీ వెక్కిళ్లు మొదలు కావు. కన్నీళ్లు ఆగి, బొమ్మ చేతికొచ్చి, ఆట మొదలైన తరువాత కూడా మధ్యమధ్య ఒక వెక్కు వస్తూనే ఉంటుంది. మన కుందేలు గొడుగు ఎగిరిన మరుక్షణమే వెక్కి వెక్కి ఏడ్చింది, పేజీ తిప్పాక దాని కళ్లు చెమర్చాయి. ఏడుపును తోకవైపు నుంచి మొదలుపెట్టి తలవైపుకు నడిపించారు. నడుమ ఒకచోట ‘విలపించింది’ అని కూడా ఉంది. విలాపానికి మాటలు కావాలి, ఏమి పోయిందో చెప్పుకుంటూ ఏడవాలి. అక్కడ కుందేలు నోట్లో క్యారెట్టు ఉంది.

ఇంగ్లీషు నుంచి కథలు తెచ్చేవారి కష్టం వేరు, దాన్నీ సానుభూతితోనే చూడాలి. చకిల్, గిగిల్, సాబ్, వీప్ అని నాలుగు క్రియలు వరసగా ఎదురైతే వాటికి నాలుగు జవాబులు ఇవ్వవలసిందేనని వారు పరీక్ష రాసే విద్యార్థిలా వణికిపోతారు. చకిల్ కనిపించిన ప్రతిచోటా ముసిముసి నవ్వు పెడతారు. కానీ చకిల్‌కు గొంతులో చిన్న చప్పుడుంది, ముసిముసికి లేదు, పైగా దానికి కాస్త గడుసుదనం తోడు. పుస్తకం చదువుకుంటున్న తాతయ్య చకిల్ అయితే తెలుగులో ఆయన ‘తనలో తాను నవ్వుకున్నాడు’. ఆ ‘కు’ ఒక్కటీ చేరితే చాలు, నవ్వు ఎవరికోసమూ కాదని, ఎవరూ వినకపోయినా ఫరవాలేదని తేలిపోతుంది. గిగిల్‌కు కిసకిసలు ఉండనే ఉన్నాయి. సాబ్‌కు వెక్కిళ్లు సరిపోతాయి. వీప్‌కు చప్పుడే అక్కరలేదు, కన్నీళ్లు కారాయంటే సరి, ఏడ్చినవాళ్ల నోటికి కొంత విశ్రాంతి.

పర్యాయపదాల పట్టిక చూసి రాసేవారు చేసే నష్టాల్లో అన్నిటికన్నా ఘోరమైనది నేను ఇంకా చెప్పలేదు. కథ చివర గొడుగు వెతికి తెచ్చిన మనవరాలిని చూసి అమ్మమ్మ కుందేలు ‘ఆప్యాయంగా ఇకిలించింది’. ఆ మాట పక్కన ఆప్యాయతను కూర్చోబెట్టడం చూసి నేను కాసేపు పుస్తకం మూసేశాను. ఇకిలించడం అంటే పళ్లన్నీ బయటపెట్టి, సమయం సందర్భం లేకుండా నవ్వడం. “ఎందుకురా ఇకిలిస్తావు?” అని తిట్టడానికే ఆ మాట పుట్టింది. నవ్వు ఎలా ఉందో చెప్పే మాటలు కొన్ని, ఆ నవ్వు చూసినవాడికి ఎంత ఒళ్లు మండిందో చెప్పే మాటలు కొన్ని. ఇది రెండో రకం. పట్టికలో మాత్రం రెండు రకాలూ ఒకే వరసలో, ఒకే ముఖంతో కూర్చుని ఉంటాయి. ఆ పట్టికలోనే ‘సకిలించు’ కూడా ఉందని, అది గుర్రాలకు చెందిన ఆస్తి అని రచయితకు ముందుజాగ్రత్తగా తెలియజేస్తున్నాను.

పాత్రల సంక్షేమం దృష్ట్యా నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏ నవ్వునైనా ఏడుపునైనా పాత్రకు అప్పగించే ముందు రచయిత గది తలుపు వేసుకుని స్వయంగా ఒకసారి చేసి చూడాలి. నోరు, ఊపిరి, చేతిలో ఉన్న వస్తువు, పక్కన ఉన్న జనం అందుకు సహకరిస్తే రాయాలి. సహకరించకపోతే ‘నవ్వింది’ అని రాసి ముందుకు పోవాలి. నేను ఆ పద్ధతిలో కథను సవరించి చూశాను. 11 నవ్వుల్లో 4 మిగిలాయి, వాటిలో 3 ఉత్త ‘నవ్వింది’లే. గొడుగు దొరికినప్పటి పకపకలను మాత్రం కదిలించలేదు. ఏడుపు ఒక్కటే మిగిలింది. కుందేలు పిల్ల “గొడుగు... గాలికి...” అని, అంతకుమించి చెప్పలేక, అమ్మ ఒళ్లో తల పెట్టుకుంటుంది. ఏడ్చిందని ఎక్కడా లేదు. ఆరేళ్ల శ్రోతకు మళ్లీ చదివి వినిపిస్తే, ఆ చోట తన కింది పెదవి ముందుకు వచ్చింది. మూడు ‘నవ్వింది’లను మాత్రం అసలు గమనించనే లేదు.

సవరించిన ప్రతిని, ఈ విన్నపాన్ని కలిపి రచయితకు పంపాను. ఆయన సహృదయులు, వారం తిరగకుండా జవాబు రాశారు. అర్ధరాత్రి తన గదిలో ఒంటరిగా కూర్చుని నా ఉత్తరం చదివి గొల్లున నవ్వారట. ఆ సమయంలో గదిలో ఇంకా ఎవరెవరు ఉన్నారో తెలియజేయవలసిందిగా కోరుతూ తిరుగు టపాలో రాశాను.