నెత్తిమీది వెలుగు గుండ్రం: 97 డిగ్రీల మీద ఒక వాదం

ప్రశ్న: "నీళ్లలో మునిగి పైకి చూస్తే నెత్తిమీద గుండ్రంగా వెలుగు, దాని చుట్టూ చీకటి కనిపిస్తాయట. ఎంత లోతుకు పోయినా ఆ గుండ్రం కోణం 97 డిగ్రీలేనని చదివాను. కిందికి పోయేకొద్దీ చిన్నదవ్వాలి కదా?"

వాదించేవాళ్లు ఇద్దరు. ఒకరు విశాఖ రుషికొండ దగ్గర స్కూబా నేర్పే డైవర్, ఇంకొకరు రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. ప్రశ్న వేసిన డిగ్రీ కుర్రాడు కూడా పక్కనే ఉన్నాడు.

డైవర్: ముందే చెప్పేస్తున్నా మేడమ్, ఆ 97 పుస్తకాల్లో మాట. 5 మీటర్ల లోతులో పైకి చూస్తే మా బోటు ఆ గుండ్రంలో సగానికి పైగా ఆక్రమిస్తుంది. 15 మీటర్లకు దిగితే అదే బోటు చిన్న ముక్కలా ఉంటుంది. గుండ్రం పెరిగిందనే కదా అర్థం? ఈ అబ్బాయి తగ్గాలంటున్నాడు, మీరు మారదంటున్నారు. నేను పెరుగుతుందంటున్నాను.

లెక్చరర్: మీ బోటు పొడవెంత?

డైవర్: ఆరు మీటర్లుంటుంది.

లెక్చరర్: అయితే మీరు చూసింది నిజమే. నీటి పైభాగం మీద కొలిస్తే ఆ గుండ్రం అడ్డకొలత లోతుకు 2.27 రెట్లు. 5 మీటర్ల లోతులో ఉంటే 11.3 మీటర్లు, 15 మీటర్లకు పోతే 34 మీటర్లు. మీ ఆరు మీటర్ల బోటు మొదట సగం దాటుతుంది, తర్వాత ఐదో వంతు కూడా ఉండదు. కానీ మీరు మీటర్లు లెక్కపెడుతున్నారు, ఈ అబ్బాయి అడిగింది కోణం. లోతు మూడు రెట్లయింది, అడ్డకొలతా మూడు రెట్లయింది. ఇక కోణం మారడానికి కారణమేముంది?

కుర్రాడు: మరి బావి అడుగు నుంచి చూస్తే పైన గట్టు చిన్నగా కనిపిస్తుంది కదండీ?

లెక్చరర్: బావికి గట్టు ఒకచోట కట్టి ఉంది. కిందికి పోతే దానికి దూరమవుతావు, అందుకే చిన్నదవుతుంది. ఈ గుండ్రానికి గట్టు లేదు. నీ కన్ను ఎక్కడుంటే దాన్నిబట్టే అంచు ఏర్పడుతుంది. ఇద్దరు పక్కపక్కన ఈదుతుంటే ఎవరి గుండ్రం వాళ్లదే, ఎవరు కదిలితే వాళ్లదే కదులుతుంది.

డైవర్: అది ఒప్పుకుంటా. నేను పక్కకు ఈదితే అది నా వెంటే వస్తుంది. కానీ 97 ఎక్కణ్నుంచి వచ్చింది?

లెక్చరర్: దూరంగా దిగంతం నుంచి వచ్చే వెలుతురును తీసుకోండి. అది నీటిని దాదాపు రాసుకుంటూ వస్తుంది, అంటే నిలువుగీతకు 90 డిగ్రీలు. నీళ్లలోకి దిగగానే వంగుతుంది. నీటి వక్రీభవన గుణకం 1.333, ఒకటిని దానితో భాగిస్తే 0.75. సైన్ విలువ 0.75 ఉండే కోణం 48.6 డిగ్రీలు. అదే సందిగ్ధ కోణం. ఆకాశంలో అంతకంటే కింద ఇంకేమీ లేదు కాబట్టి, నీళ్లలో నిలువుకు 48.6 దాటిన దిక్కు నుంచి ఆకాశపు వెలుతురు మీ కంటికి రాదు. ఆ దిక్కులో నీటి పైభాగం అద్దమై, అడుగున ఉన్నదాన్నే తిప్పి చూపిస్తుంది. ఒక పక్క 48.6, ఇంకో పక్క 48.6. కలిపితే 97.2. ఈ లెక్కలో లోతుకు చోటే లేదు, చూడండి.

కుర్రాడు: అంటే సూర్యాస్తమయం నీళ్లలోంచి కనపడదా?

(అతను అడిగిన ప్రశ్నకు దీనికీ సంబంధం లేదు గానీ, లెక్చరర్‌గారికి ఇదే నచ్చినట్టుంది.)

లెక్చరర్: నీరు నిశ్చలంగా ఉంటే కనపడుతుంది, కాకపోతే చాలా ఎత్తున. అస్తమించే సూర్యుడు నీళ్లలోంచి చూస్తే 41 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అంతకంటే దిగడు. దిగంతానికి పైనున్న 10 డిగ్రీల ఆకాశమంతా గుండ్రం అంచున ఒక్క డిగ్రీలో ఇరుక్కుంటుంది. పైగా అంత ఏటవాలుగా పడే వెలుతురులో చాలా భాగం నీటి మీంచే తిరిగిపోతుంది. అందుకే అంచు దగ్గర ఒడ్డున ఉన్న చెట్లు నలిగిపోయి, మసకగా ఉంటాయి.

డైవర్: సరే మేడమ్, ఇప్పుడు నా అసలు పాయింట్. మాస్క్ పెట్టుకుని తల పూర్తిగా వెనక్కి వాల్చి నేరుగా పైకి చూస్తే నాకు ఆ అంచే కనపడదు. గుండ్రం లేదు, చీకటీ లేదు, ఆకాశమే. తల పక్కకు వంచితేనే అంచు దొరుకుతుంది. మాస్క్ లేకుండా డైవ్ చేసేవాడెవడు?

లెక్చరర్: (కాసేపు ఆగి) మంచి మాట. మీ మాస్క్‌లో గాజు చదునుగా ఉంటుంది, దాని వెనక గాలి ఉంటుంది. గాజు నీటి పైభాగానికి సమాంతరంగా ఉన్నప్పుడు, పైన ఎంత వంగిన కిరణం గాజు దాటాక అంతే తిరిగి విప్పుకుంటుంది. నీళ్లలో 48.6 దగ్గర ఉన్న అంచు మాస్క్ లోపల 90 డిగ్రీలకు జరిగిపోతుంది. మాస్క్ రబ్బరు అంతదూరం చూడనివ్వదు. మీకు కనిపించేది ఒడ్డున పడుకుని చూసినట్టే ఉండే మామూలు ఆకాశం.

డైవర్: అయితే నేనే గెలిచాను! 97 నా కంటికి చేరలేదు.

లెక్చరర్: నీళ్లలో ఉన్న కోణం 97, దాన్ని మీ గాజు మార్చింది. ముందు అర్ధగోళం ఆకారపు గాజు ఉన్న కెమెరా సరిగ్గా అమర్చి ఉంటే కోణం మార్చదు, ఫోటోలో గుండ్రం మొత్తం పడుతుంది. ఆ ఫోటోలు మీ దగ్గరే ఉంటాయి.

డైవర్: కెమెరా చూసేది కెమెరాది. ప్రశ్నలో ఉన్నది డైవర్ చూసేది.

(ఇక్కడ ఇద్దరూ ఒప్పుకోలేదు. నా ఓటు లెక్చరర్‌కే, అయినా డైవర్ మాట కొట్టేసేది కాదు.)

లెక్చరర్: అయితే కొలుద్దాం. మీరు నీళ్లలో రాసుకునే పలక ఉంది కదా, దాని మీద కోణమానిని అతికించి, మధ్య నుంచి దారానికి సీసపు గుండు వేలాడదీయండి. పలక అంచు మీదుగా గుండ్రం అంచును గురి చూసి, దారం ఎక్కడుందో చదవండి. ఇందులో మాస్క్ అడ్డు రాదు. పలక రెండు కొసలూ, గుండ్రం అంచూ కలిసిపోయి కనిపిస్తే వాటి కిరణం నీళ్లలో ఒకటే, గాజు దాటాక ఎంత వంగినా కలిసే వంగుతుంది.

డైవర్: ఆ అంచు నిలబడి ఉంటేనే కదా! మా బీచ్‌లో అలలకు అది ముక్కలు ముక్కలుగా ఆడుతుంటుంది. నీళ్లు మురికిగా ఉంటే లోతులో అసలు అంచే తెలియదు, మధ్యలో ఒక వెలుగు మచ్చ మిగులుతుంది.

లెక్చరర్: అలల సంగతి ఒప్పుకుంటాను. ఐదు డిగ్రీల వాలున్న అల చాలు, అక్కడ అంచు దాదాపు ఐదు డిగ్రీలు పక్కకు పోతుంది. మురికి నీళ్ల విషయంలోనూ మీది సగం నిజం. అంచు నుంచి వచ్చే వెలుతురు నిలువుగా వచ్చేదానికంటే ఒకటిన్నర రెట్లు దూరం నీళ్లలో నడవాలి, అందుకే ముందు అదే చచ్చిపోతుంది. అప్పుడు గుండ్రం చిన్నదైనట్టు అనిపిస్తుంది. ఈ అబ్బాయి అనుమానానికి ఆ ఒక్క చోట కాస్త ఆధారముంది. స్విమ్మింగ్ పూల్‌లో, ఎవరూ ఈదని వేళ కొలవండి.

డైవర్: సముద్రంలోనైతే?

లెక్చరర్: ఉప్పు వల్ల గుణకం 1.34కి పెరుగుతుంది, కోణం 48.3కి దిగుతుంది. మీ పలక ఆ తేడా పట్టలేదు.

డైవర్: అంటే నాకు 48 వచ్చినా 49 వచ్చినా మీదే గెలుపా?

లెక్చరర్: 55 వస్తే మీది. కాకపోతే ఆ పూట పూల్‌లో ఎవరైనా దూకారా అని ముందు అడుగుతాను.